నల్లబల్లకు వారం వారం నకలు
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షుల, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సంఘం ఆఫీసు గోడకు ఉన్న నల్లబల్ల గురించి నాలుగు మాటలు చెప్పవలసినదని మమ్ములను కోరినారు. పాల లెక్కలు రాసే బల్ల కాదు. వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్., లీటర్లు ఈనాడు చాలా సంఘాలలో యంత్రమే లెక్కగట్టి చీటీ ఇస్తున్నది. మేము చెప్పబోయేది పెండింగు పనుల బోర్డు సంగతి. చనిపోయిన గేదెకు బీమా, బ్యాంకు అప్పు దరఖాస్తు, బిల్లులో తేడా వచ్చిందన్న ఫిర్యాదు, దాణా ఇండెంటు, మరమ్మతుకు పంపిన యంత్రం, ఇటువంటివన్నీ ఆ బోర్డు మీదనే ఉంటాయి.

మేము తనిఖీకి వెళ్ళే సంఘాలలో కొన్నింటిలో ఈ బోర్డును నాలుగు గళ్ళుగా గీసినారు. మొదటి గడి "వచ్చినవి". రెండవది "చేతిలో ఉన్నవి", అనగా కార్యదర్శి చూస్తున్నవి. మూడవది "బయట ఉన్నవి", అనగా బ్యాంకులోనో, బీమా కంపెనీలోనో, పశువుల ఆసుపత్రిలోనో ఆగినవి. నాలుగవది "పూర్తయినవి". పని ముందుకు సాగిన కొద్దీ దాని నంబరును ఒక గడిలో తుడిచి మరో గడిలో రాస్తారు. జపానులో టయోటా కార్ల కంపెనీలో తైచీ ఓనో అనే ఇంజనీరు పని నడకను చీటీలతో కంటికి కనపడేటట్లు చేసిన పద్ధతికి "కాన్‌బాన్" అని పేరు. జపాను భాషలో ఆ మాటకు సూచిక బోర్డు అనే అర్థం. ఈ గళ్ళ బోర్డు కూడా ఆ కుదురు నుంచి వచ్చినదే.

ఈ బోర్డులో ఒక సుగుణం, ఒక లోపం కలవు. ఈనాడు ఏ పని ఎక్కడున్నదో గుమ్మంలో నిలబడి చూచినా తెలుస్తుంది. అది సుగుణం. ఇక లోపమేమంటే, దానికి నిన్నటి సంగతి తెలియదు. సుద్దముక్కతో రాసినది గుడ్డతో తుడిచిన మరుక్షణం ఆ పని నిన్న ఏ గడిలో ఉన్నదో చెప్పేవారు లేరు. ఒక నంబరు మూడవ గడిలో కనబడితే అది నిన్న వచ్చి చేరినదో, మూడు నెలల నుంచి అక్కడే ఉన్నదో బోర్డు చెప్పదు. రెండూ ఒకే సుద్దతో, ఒకే తీరుగా కనబడతాయి.

సహకార సంఘాల లెక్కలలో దీనికి మనకు ఒక అలవాటు ఎప్పటి నుంచో ఉన్నది. మార్చి 31 నాటి ఆస్తి అప్పుల పట్టిక తయారుచేస్తాము గదా. అది ఆ ఒక్కరోజు నాటి సంఘం రూపం. ఆడిటరు దానిని ఒంటరిగా చూడడు. పక్కనే పోయిన సంవత్సరపు అంకెల వరుస ఉంటుంది. సభ్యుల బాకీ ఎంత ఉన్నదో మొదటి వరుస చెబుతుంది. అది పెరిగినదా, తరిగినదా అన్నది రెండు వరుసలు కలిపి చూస్తేనే తెలుస్తుంది. పెండింగు పనుల బోర్డుకు కూడా ఇటువంటి పట్టిక కావాలి. కాని సంవత్సరానికొకసారి చాలదు, వారానికొకసారి కావాలి. దీనినే మేము వారపు నకలు అంటున్నాము.

ఇక నకలు ఎట్లా తీయాలో చెప్పుతాము.

ముందుగా బోర్డు ఎక్కే ప్రతి పనికీ ఒక వరుస నంబరు ఉండాలి. ఒక చిన్న రిజిస్టరులో తేదీ, సభ్యుని నంబరు, పని ఏమిటి అని ఒక వరుస రాసి, ఆ వరుస నంబరునే బోర్డు మీద వేయాలి. పని పూర్తయిన తరువాత ఆ నంబరును మరొక పనికి ఇవ్వరాదు. మాటలతో రాసిన పని వారం వారం రూపు మారుతుంది. ఒక వారం "రామాలయం వీధి గేదె బీమా" అంటారు, మరుసటి వారం "బీమా కాగితాలు" అంటారు. రెండు నకళ్ళు పక్కపక్కన పెట్టినప్పుడు అవి ఒకటే పనియా, రెండు పనులా అన్నది తేలదు. నంబరైతే ఆ చిక్కు రాదు.

రెండవది, రోజూ వేళా మారకూడదు. శనివారం సాయంత్రపు పాల సేకరణ ముగిసిన తరువాత అని పెట్టుకుంటే ప్రతి శనివారం అదే వేళకు తీయాలి. ఒకమారు శుక్రవారం, మరొకమారు సోమవారం తీస్తే ఒక వారానికి పది రోజులు, మరొక వారానికి నాలుగు రోజులు వస్తాయి. అప్పుడు పని నిదానించినదో, రోజులే పెరిగినవో చెప్పలేము.

మూడవది అన్నింటికన్న ముఖ్యం. ముందు నకలు, తరువాత తుడుపు. "పూర్తయినవి" గడిలోని నంబర్లను వారమంతా ఉంచి, శనివారం నకలులోకి ఎక్కించిన తరువాతనే తుడవాలి. ఈ క్రమం తిరగబడితే సోమవారం వచ్చి గురువారం పూర్తయిన పని ఏ నకలులోనూ కనపడదు. సంఘం చేసిన పనికే సాక్ష్యం లేకుండా పోతుంది.

నకలుకు ఒక పొడుగు నోటుపుస్తకం చాలును. వారానికొక పేజీ. పైన తేదీ, కింద నాలుగు గళ్ళు, గళ్ళలో నంబర్లు, అడుగున ఒక్కొక్క గడిలో ఎన్ని ఉన్నవో మొత్తం, చివర రాసినవారి సంతకం. సంవత్సరానికి 52 పేజీలు. 200 పేజీల పుస్తకం మూడున్నర సంవత్సరాలకు పైగా వస్తుంది. పేజీ రాసేటప్పుడు పోయిన వారం పేజీని చూచి దించి, మారినవి మాత్రం దిద్దడం కూడదు. బోర్డును చూచి, గడి గడినీ కొత్తగా రాయాలి. పాత పేజీ చూచి దించితే పాత తప్పు కూడా దిగుతుంది, బోర్డు మీద పోయిన నంబరు పుస్తకంలో బ్రతికే ఉంటుంది. అప్పుడు అది బోర్డుకు నకలు కాదు, పుస్తకానికి నకలు అవుతుంది.

ఫోను చేతిలో ఉన్నది, ఒక ఫోటో తీసుకుంటే చాలదా అని అడిగేవారున్నారు. ఫోటో తప్పక తీయండి. అది మంచి సాక్ష్యం, నకలు రాయడంలో పొరపాటు జరిగితే సరిచూచుకోవచ్చును. కాని ఆరు వారాల ఫోటోలను ఫోనులో ఒకదాని వెనుక ఒకటి జరుపుతూ నంబర్లు పోల్చడం కష్టం. పైగా కార్యదర్శి మారితే ఆ ఫోను ఆయనతోనే పోతుంది. పుస్తకమైతే సంఘం బీరువాలో ఉంటుంది.

కంప్యూటరులో ఈ జాబితా నడుపుతున్న సంఘాలవారికి ఒక హెచ్చరిక. ఉన్న ఫైలు మీదనే ప్రతి వారం మార్పులు చేసి సేవ్ చేస్తే అది నల్లబల్లను తుడిచి రాయడంతో సమానం. ప్రతి శనివారం వేరుగా ఒక కాపీ తీసి, దానికి తేదీనే పేరుగా పెట్టండి. సంవత్సరం ముందు, నెల తరువాత, రోజు చివర, అనగా `2025-07-05` అన్నట్లు పెడితే ఫైళ్ళు వాటంతట అవే తేదీల వరుసలో నిలుస్తాయి. ఇంకొక సంగతి. పని వచ్చి ఎన్ని రోజులైనదో లెక్కగట్టడానికి కొందరు `=TODAY()-B2` వంటి సూత్రం వేసి ఉంచుతారు. అటువంటి కాపీని ఆరు నెలల తరువాత తెరిస్తే అది ఆనాటి రోజులు చూపదు, తెరచిన నాటి వరకు లెక్కగట్టి చూపుతుంది. కనుక కాపీలో సూత్రం ఉంచక, దాని వలన వచ్చిన అంకెను మాత్రమే ఉంచాలి.

నకలు తీయడం సగం పని. మిగిలిన సగం పోల్చడం. ఈ రెండవ సగం వదిలిపెడితే ఏమవుతుందో మేము చూచిన ఒక సంఘం సంగతి చెప్పుతాము. ఊరి పేరు అక్కరలేదు.

ఆ సంఘానికి ఒకసారి తనిఖీకి పోయినప్పుడు వారపు నకలు తీయవలసినదని కార్యదర్శికి చెప్పి వచ్చినాము. ఆరు వారాల తరువాత తిరిగి వెళ్ళేసరికి ఆయన ఏడు పేజీలు చక్కగా రాసి ఉంచినాడు. అధ్యక్షులవారు పెద్దమనిషి, పాడిలో ఆరితేరినవారు. మమ్ములను చూచి, "ఇన్‌స్పెక్టరు గారూ, మా సంఘంలో పెండింగు పెరగలేదండి. ఆరు వారాల కిందట 14, ఈనాడూ 14" అన్నారు. పేజీలు తిప్పి చూచినాము. ఆయన మాట నిజమే. మొదటి పేజీలో వచ్చినవి 4, చేతిలో 5, బయట 5, వెరసి 14. ఏడవ పేజీలో వచ్చినవి 3, చేతిలో 4, బయట 7, వెరసి 14.

"మంచిదేనండి, ఈ 14, ఆ 14 ఒకటేనా?" అని అడిగినాము. కార్యదర్శి తల గోక్కున్నాడు. "రాశాను గాని సార్, వెనక్కి తిప్పి చూడలేదు" అన్నాడు.

ముగ్గురం కూర్చున్నాము. మొదట నిలువల లెక్క వేసినాము. దాణా గోడౌనులో మనం చేసే లెక్కే ఇది. ప్రారంభ నిలువకు వచ్చిన బస్తాలు కలిపి, పోయిన బస్తాలు తీసివేస్తే ఆఖరు నిలువ రావాలి. రాకపోతే బస్తా ఎక్కడో పోయినదని అర్థం. బోర్డు మీద మొదట 14 పనులున్నవి. రిజిస్టరు ప్రకారం ఆరు వారాలలో కొత్తగా వచ్చినవి 37వ నంబరు మొదలు 55వ నంబరు వరకు, 19 పనులు. రెండూ కలిపితే 33. "పూర్తయినవి" గడిలో ఆరు వారాలలో ఎక్కినవి 18. తీసివేస్తే 15 మిగలాలి. బోర్డు మీద 14 ఉన్నవి.

ఒక పని పోయినది. "14కు 14" అన్న సంతోషంలో అది ఎవరికీ కనపడలేదు.

ఏ పని పోయినదో, ఎప్పుడు పోయినదో తెలుసుకోవడానికి పేజీలు జంటలుగా చూచినాము. ఒకటి, రెండు. రెండు, మూడు. మూడు, నాలుగు. అన్నీ సరిపోయినవి. నాలుగవ పేజీలో 16 ఉన్నవి. ఆ పై వారంలో వచ్చినవి 3, పూర్తయినవి 2. ఐదవ పేజీలో 17 ఉండాలి. 16 ఉన్నవి. నంబర్లు ఒక్కొక్కటే సరిచూస్తే 41వ నంబరు నాలుగవ పేజీలో "చేతిలో ఉన్నవి" గడిలో ఉన్నది. ఐదవ పేజీలో ఏ గడిలోనూ లేదు, పూర్తయిన వాటిలోనూ లేదు.

"ఆ వారం ఏం జరిగిందయ్యా?" అని అడిగితే కార్యదర్శికి జ్ఞాపకం వచ్చినది. "వినాయక చవితికి ఆఫీసుకు సున్నం వేయించాము సార్. బోర్డు కడిగి, గుర్తున్నవి గుర్తున్నట్లు మళ్ళీ రాశాను."

41వ నంబరు ఏమిటని రిజిస్టరు చూచినాము. ఒక సభ్యురాలి ఫిర్యాదు. రెండు పూటల సాయంత్రపు పాలు తన బిల్లులోకి రాలేదని ఆమె చెప్పుకున్నది. పాల రిజిస్టరు తిప్పితే ఆ తరువాత కొద్ది రోజులకే ఆమె పాలు పోయడం ఆగిపోయినట్లు తెలిసినది. అధ్యక్షులవారు, మేము ఆమె ఇంటికి వెళ్ళినాము. గేదె గాటన ఉన్నది, పాలు ఇస్తూనే ఉన్నది. బయటి వర్తకునికి పోస్తున్నది.

"ఎందుకమ్మా సంఘానికి మానేశావు?" అని అధ్యక్షులవారు అడిగినారు.

ఆమె చెప్పిన మాట మాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది. "నా నంబరు బోర్డు మీద నుంచి తీసేశారు కదయ్యా. నాకు రావలసినది ఏమీ లేదని తేల్చేశారనుకున్నాను. అడిగి మాట పడటమెందుకని ఊరుకున్నాను."

ఎవరూ ఏమీ తేల్చలేదు. బోర్డు కడిగినారు, అంతే. ఆ రెండు పూటల సేకరణ కాగితాలు తీసి చూస్తే ఆమె పాలు పక్క నంబరు సభ్యుని ఖాతాలో పడినట్లు కనబడినది. ఆ తరువాతి బిల్లులో సర్దుబాటు చేసినారు. ఆమె తిరిగి సంఘానికి పాలు పోయడం మొదలుపెట్టినది. నకలు పేజీలు లేకుంటే 41 అనే నంబరు ఒకటి బోర్డు మీద ఉండేదన్న సంగతే ఎవరికీ గుర్తు రాదు. పేజీలు ఉండి కూడ, పోల్చనందువలన ఆమెకు రావలసిన డబ్బు, సంఘానికి రావలసిన పాలు అన్ని రోజులు ఆగినవి.

ఇక రెండవ పరిశీలన చేసినాము. ఈసారి మాయమైనవాటి కోసం కాదు, కదలని వాటి కోసం. ఏడవ పేజీలో "బయట ఉన్నవి" గడిలో ఏడు నంబర్లు. వాటిలో నాలుగు, 19, 22, 23, 27, మొదటి పేజీలో కూడా అదే గడిలో ఉన్నవి. నడుమ ఉన్న ఐదు పేజీలలోనూ అక్కడే ఉన్నవి. నాలుగూ గేదెల బీమా పరిహారాలు.

"ఇవి కంపెనీవారి దగ్గర ఉన్నాయి సార్, మన చేతిలో ఏముంది?" అన్నాడు కార్యదర్శి. బోర్డు అదే చెబుతున్నది, ఆయన బోర్డును నమ్మినాడు. ఫైళ్ళు తెప్పించి చూచినాము. రెండు ఫైళ్ళు అసలు కంపెనీకే చేరలేదు. పశువైద్యుని శవపరీక్ష ధ్రువపత్రం కోసం ఆసుపత్రికి పోయి అక్కడే ఉన్నవి. మిగిలిన రెండింటికి కంపెనీ నుంచి జవాబు వచ్చినది. చెవిబిళ్ళ జతపరచలేదు, పంపవలసినదని రాసినారు. ఆ ఉత్తరాలు సంఘం సొరుగులోనే ఉన్నవి. పశు బీమాలో చెవిబిళ్ళ లేనిదే పరిహారం రాదని మీకందరికీ తెలిసినదే. అనగా బయట ఉన్నవని బోర్డు చెప్పిన నాలుగింటిలో రెండు మన దగ్గరే ఉన్నవి.

ఆ రెండు గేదెల సొంతదారులను పిలిపించినాము. ఒకాయన చెవిబిళ్ళ తెచ్చి ఇచ్చినాడు. రెండవ ఇంట ఆ బిళ్ళను చూరులో దోపి ఉంచినారట. అక్కడి నుంచి పిల్లలు తీసి ఆడుకుని ఎక్కడో పారవేసినారు. ఎంత వెదకినా దొరకలేదు. ఆ పరిహారం రాలేదు. మిగిలిన మూడూ తరువాత వచ్చినవి. ఉత్తరం వచ్చిన వారంలోనే అడిగి ఉంటే ఆ బిళ్ళ చూరులోనే ఉండేది. ఆ గేదె మీద బ్యాంకు అప్పు ఉన్నది. గేదె పోయినా వడ్డీ పోదు గదా.

ఈ కథలో మనం నేర్చుకోవలసిన పద్ధతి చిన్నదే. ప్రతి శనివారం కొత్త పేజీ రాయగానే పోయిన వారం పేజీ పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. కొత్తగా వచ్చిన నంబర్లు ఏవి? పోయిన నంబర్లు ఏవి, అవన్నీ పూర్తయిన గడి గుండానే పోయినవా? గడి మారినవి ఏవి? ఉన్నచోటనే ఉన్నవి ఏవి? పోయిన వారపు మొత్తానికి కొత్తవి కలిపి, పూర్తయినవి, రద్దయినవి తీసివేస్తే ఈ వారపు మొత్తం రావాలి. రాకపోతే ఆ సాయంత్రమే వెదకాలి. వారం నాటి సంగతి జ్ఞాపకం ఉంటుంది, ఆరు వారాల నాటిది ఉండదు.

ఉన్నచోటనే ఉన్న నంబరు పక్కన ఎర్ర పెన్సిలుతో ఎన్నవ వారమో వేయండి. రెండవ వారమైతే 2, మూడవ వారమైతే 3. ఆ సంఘంలో ఇప్పుడు 3 పడిన ప్రతి నంబరును కార్యదర్శి పాలకవర్గ సమావేశంలో చదువుతాడు. "బయట ఉన్నవి" గడిలో నంబరు పక్కన ఎవరి దగ్గర, ఏ తేదీ నుంచి అని కూడా రాస్తున్నాడు. బ్యాంకుకైతే "బ్యా", ఆసుపత్రికైతే "ఆ" అని ఒక్క అక్షరం చాలును.

ఈ పద్ధతి చెప్పలేనివి కూడా చెప్పవలసి ఉన్నది, లేకుంటే దానిమీద ఉండదగినదానికన్న ఎక్కువ నమ్మకం పెట్టుకుంటారు.

రెండు శనివారాల మధ్య జరిగినది నకలుకు తెలియదు. బ్యాంకులో ఉన్న ఒక దరఖాస్తు సోమవారం కాగితం తక్కువైనదని తిరిగి వచ్చి, శుక్రవారం మళ్ళీ పోయినదనుకోండి. రెండు నకళ్ళలోనూ అది ఒకే గడిలో ఉంటుంది. దాని పక్కన ఎర్ర అంకె పడుతుంది. కాని కార్యదర్శి ఆ వారంలో రెండుమార్లు బ్యాంకుకు తిరిగినాడు. కనుక ఎర్ర అంకె ప్రశ్న మాత్రమే, తీర్పు కాదు. "ఏమైంది?" అని అడగడానికే అది పనికివస్తుంది. దానిని పట్టుకుని కార్యదర్శిని నిలదీసిన సంఘాలలో ఏమవుతుందో కూడా చూచినాము. శనివారం మధ్యాహ్నమే నంబర్లు ఒక గడి నుంచి ఇంకో గడికి దూకుతాయి, పని మాత్రం కదలదు.

బోర్డు మీద తప్పు ఉంటే నకలులోనూ తప్పే ఉంటుంది. అందుకని పాత పేజీని ఎన్నడూ దిద్దవద్దు. ఆనాడు బోర్డు మీద ఏమున్నదో అదే ఆ పేజీ చెప్పాలి. తప్పు తరువాత తెలిస్తే, తెలిసిన వారపు పేజీలో ఆ తేదీతో ఒక వరుస రాయండి. వినాయక చవితి వారపు పేజీలో 41వ నంబరును తరువాత ఇరికించి ఉంటే, అది ఎప్పుడు పోయినదో మాకు ఎన్నటికీ తెలిసేది కాదు.

గళ్ళు మార్చదలచుకుంటే కూడా జాగ్రత్త అవసరం. "బయట ఉన్నవి" గడిని బ్యాంకు, బీమా అని రెండుగా విడదీస్తే మంచిదే. కాని మార్చిన వారం నకలు రెండు విధాలా రాయాలి, పాత గళ్ళతో ఒక పేజీ, కొత్త గళ్ళతో ఒక పేజీ. అట్లా చేయకుంటే ముందు వారాలకు, తరువాతి వారాలకు నడుమ వంతెన తెగిపోతుంది.

చివరిగా కాలం సంగతి. వానాకాలంలో గొంతువాపు, జబ్బవాపు వంటి రోగాలతో పశునష్టం జరిగినప్పుడు బీమా కాగితాలు ఎక్కువ వస్తాయి. శీతాకాలంలో గేదెలు ఈని పాలు పెరిగినప్పుడు దాణా ఇండెంట్లు, బిల్లు తేడాలు ఎక్కువ. కనుక ఆగస్టు నెల బోర్డును మే నెల బోర్డుతో పోల్చి పని పాడైనదనడం న్యాయం కాదు. పుస్తకానికి ఏడాది నిండిన తరువాత, పోయిన సంవత్సరం అదే వారపు పేజీ తీసి చూడండి. అప్పుడు పోలిక సరిగా ఉంటుంది.

ఆ సంఘం వారు ఇప్పుడు పండుగకు బోర్డు కడిగేముందు ఒక పేజీ అదనంగా రాస్తున్నారు. కడిగిన తరువాత జ్ఞాపకం నుంచి కాక ఆ పేజీ చూచి బోర్డు రాస్తున్నారు. నకలు చూచి బోర్డు రాయదగిన సందర్భం అదొక్కటే. మొన్న మేము వెళ్ళినప్పుడు ఆ సభ్యురాలు పాల క్యానుతో వరుసలో నిలబడి ఉన్నది. బోర్డు వైపు చూచి, "ఈసారి నా నంబరేదీ లేదులే అయ్యా" అని నవ్వినది. రిజిస్టరు తీసి చూచినాము. ఆమె మాట నిజమే.